పదో స్ట్రిప్పు

మాత్రలు మా కోడలు సద్‌బర్గే దాచిందని నాకు మొదట్లోనే తెలిసిపోయింది. మందుల షాపు నుంచి వచ్చినప్పుడు పది స్ట్రిప్పులు ఉన్నాయి. మర్నాడు పొద్దున్నే, ఆమె పొయ్యి దగ్గర రొట్టెలు కాలుస్తుండగా, నేను పడకగదిలో మడిచి పేర్చిన పరుపుల పైనున్న గూట్లో చేయి పెట్టి లెక్కపెడితే తొమ్మిదే ఉన్నాయి. నాకు చదువు అంతంత మాత్రమే కానీ లెక్క మాత్రం తప్పదు. మా వఖ్ష్ నది లోయలో నలభై ఏళ్ళు నిమ్మతోటలో కాయలు ఏరి, పెట్టెలు నింపి, ఒక్క పెట్టె తక్కువైతే పై అధికారి చేత మాట పడినదాన్ని. పదికి తొమ్మిది కనబడితే నాకు నిద్ర పట్టదు.

అవి నా మనవరాలు నోజనీన్ మాత్రలు. పదేళ్ళ పిల్ల. ఏడో ఏట ఆడుకుంటూ ఆడుకుంటూ వాకిట్లో విరుచుకు పడిపోయింది, కళ్ళు తేలేసింది, నోట్లోంచి నురగ. రాజధాని దుషాన్బేలో పెద్ద డాక్టరు మూర్ఛ అని తేల్చి, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి మాత్ర రాసింది. ఒక్క పూట కూడా మానకూడదు అంది. మూడేళ్ళు మానలేదు, మూడేళ్ళూ మూర్ఛ రాలేదు. పిల్ల బడికి పోయింది, ఆప్రికాట్ చెట్లెక్కింది, నాకు ఎదురు చెప్పడం కూడా నేర్చుకుంది. ఆ మాత్రలే ఆ పిల్లకు ప్రాణం. అలాంటి వాటిలో పది మాత్రలు మాయమైతే నేనేమనుకోవాలి?

అడగవచ్చు కదా అంటారు. అడిగితే అబద్ధం చెబుతుంది, జాగ్రత్త పడుతుంది. అత్త అన్నది అడగకూడదు, కనిపెట్టాలి. మా అత్త నన్ను అలాగే కనిపెట్టి ఉండేది. సద్‌బర్గ్‌కు కూలోబ్ పట్నంలో ఒక అక్క ఉంది, ఆ అక్క కొడుక్కి కూడా ఇలాంటిదే ఏదో జబ్బు. వాళ్ళకు పంపి ఉంటుందని నాకు నేనే తీర్మానించుకున్నాను. ఆ మధ్యాహ్నమే మిగతా తొమ్మిది స్ట్రిప్పులూ తీసి నా దగ్గర పెట్టుకున్నాను. ఇకనుంచి పిల్లకు మాత్ర నా చేత్తోనే ఇస్తానని చెప్పాను. సద్‌బర్గ్ చేతిపిండి దులుపుకుంటూ ఒక్క క్షణం నన్ను చూసి, సరే అత్తా అంది. అంత తేలిగ్గా సరే అనడం కూడా నాకు అనుమానంగానే తోచింది.

ఇక దాచడం. అది మాకు చిల్లా మొదలైన వారం, ఆ నలభై రోజుల ఎండకు ఇటుక గోడలు రాత్రి కూడా వేడి కక్కుతుంటాయి. చుట్టూ వరిమళ్ళు. ఇంట్లో కిటికీలకు తడిగుడ్డలు కట్టి, నేలంతా నీళ్ళు చల్లుకుంటాం, అయినా ఒళ్ళంతా జిగట. ఫ్రిజ్జు ఉంది కానీ కరెంటు పోతూ వస్తూ ఉంటుంది, లోపల ఐసు కరిగి అరల మీద నీళ్ళు కారుతుంటాయి. ఇలాంటి ఎండలో వస్తువు పాడవకుండా ఎక్కడ పెట్టాలో ఈ ఊళ్ళో నాకంటే తెలిసినవాళ్ళు లేరు. మా పెరట్లో నిమ్మ కందకం ఉంది. మనిషి నిలువు లోతు తవ్విన గుంత, దాని అడుగున వరసగా నిమ్మచెట్లు, చలికాలంలో పైన ప్లాస్టిక్ కప్పుతాం, వేసవిలో తీసేస్తాం. బయట నలభై అయిదు డిగ్రీలున్నా మెట్లు దిగి కిందికి పోతే ఒళ్ళు చల్లబడుతుంది. ఆ గోడలో నేను తవ్వించిన గూడు ఉంది. చలికాలం కోసిన నిమ్మకాయల్ని అక్కడ చెమ్మ ఇసుకలో పెడితే వసంతం పండగ దాటినా తొక్క ముడత పడదు. బజారు ఆడవాళ్ళు వచ్చి ఎలా చేస్తావమ్మా అని అడుగుతారు. చల్లగా ఉండాలి, కాస్త చెమ్మ ఉండాలి, గాలి ఆడాలి, ఇంతే. మూసిపెట్టిన ప్రతిదీ కుళ్ళుతుంది.

కాబట్టి నేను తెలివిగా చేశాను. స్ట్రిప్పు రేకుల్లో ఒక్కొక్క మాత్ర ఊపిరాడక ఉన్నట్టనిపించి, తొంభై మాత్రలూ ఒత్తి తీసి గాజు సీసాలో పోశాను, మూతికి పల్చటి గుడ్డ కట్టాను, గూట్లో ఇసుకలో మెడ దాకా పాతిపెట్టాను. రేకులు పొయ్యిలో పడేశాను. ఖాళీ అట్టపెట్టె మాత్రం నోజనీన్ బొమ్మల గిన్నెలు పెట్టుకుంటానని తీసుకుంది. సీసా ఎక్కడుందో ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇంకొన్ని మాయమవుతాయి.

రెండు వారాలకు పిల్ల పడిపోయింది. పొద్దున టీ ముందు కూర్చుని ఉంది, రొట్టె ముక్క చేతిలోంచి జారింది, చేయి కొట్టుకోవడం మొదలుపెట్టింది. సద్‌బర్గ్ పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టింది, తల కింద తన శాలువా మడిచి పెట్టింది, నోట్లో ఏమీ పెట్టొద్దని నన్ను ఆపింది. రెండు నిమిషాల్లో తగ్గింది. మూడేళ్ళు రానిది ఇప్పుడెందుకు వచ్చింది?

నాకు మొదట గుర్తొచ్చింది మందుల షాపు హకీమ్‌జోన్. వాణ్ణి చూస్తే నాకెప్పుడూ నమ్మకం కలగదు. నవ్వు ముందు, మాట తరువాత. వాడి షాపు ముందున్న అద్దాల అరలో ఎండకు వెలిసిపోయిన మందు పెట్టెలు బారులు తీరి ఉంటాయి. జలుబు మాత్ర రెండు కావాలంటే స్ట్రిప్పు కత్తెరతో కత్తిరించి ఇస్తాడు, తారీఖు ఉన్న చివర వాడి దగ్గరే మిగిలిపోతుంది. కాలం చెల్లిన సరుకు పిల్లకు అంటగట్టాడని నాకు రూఢి అయింది. ఆ రోజే బజారుకు పోయి నలుగురి ముందు కడిగేశాను. అద్దంలో ఆ ఎండిపోయిన పెట్టెలేంటి, వాటిలోవే మాకిచ్చావు కదా అన్నాను.

వాడు కోపం తెచ్చుకోలేదు. అద్దంలోంచి ఒక పెట్టె తీసి నా చేతిలో పెట్టాడు. ఖాళీది. అన్నీ ఖాళీవే, చూపించడానికి పెట్టినవి, అసలు మందులు వెనక గదిలో నీడలో ఉంటాయని చెప్పాడు. తరువాత మా నోజనీన్ మాత్రల కొత్త పెట్టె తెచ్చి, స్ట్రిప్పు చివర రేకు మీద ఒత్తిన అంకెల్ని వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూపించాడు. నా కంటికి మొదట ఏమీ ఆనలేదు, కాస్త వంచితే నెల, సంవత్సరం తేలాయి. వచ్చే ఏడు మార్చి.

"మీకిచ్చినవీ ఈ సరుకులోవే పెద్దమ్మా. మీ అబ్బాయి పూర్తి పెట్టె తీసుకెళ్ళాడు, కత్తిరించి ఇవ్వలేదు. మీ దగ్గరున్న స్ట్రిప్పు తెచ్చి పక్కన పెట్టి చూసుకోండి."

స్ట్రిప్పు లేదని, రేకులు కాల్చేశానని వాడికెందుకు చెబుతాను? చూసుకుంటాలే అని వచ్చేశాను. దారిపొడుగునా ఆలోచిస్తే, వాడంత ఓపిగ్గా మాట్లాడటం కూడా అనుమానంగానే అనిపించింది. తప్పు లేనివాడికి అంత ఓపిక ఎక్కడిది?

రెండోసారి పడిపోయింది జూలై మధ్యలో. ఈసారి నాలుక కొరుక్కుంది. అప్పుడు నా చూపు నా కన్నకొడుకు మీదికే మళ్ళింది. ఇస్మత్‌ది దుషాన్బే దారిలో మనుషుల్ని తిప్పే కారు. మందులు కొన్నరోజు ఇంటికి తేకుండా, కిరాయి దొరికిందని అటే పోయి, రెండు రోజులకు తెచ్చాడు. ఆ రెండు రోజులూ ఎక్కడ పెట్టావురా అని నిలదీస్తే మొదట నసిగాడు. కారు ముందద్దం కింద పెట్టానని, ఎండ పడుతోందని ఒక ప్రయాణికుడు అంటే సీటు కిందికి తోశానని ఒప్పుకున్నాడు. ఎండలో నిలబెట్టిన కారు లోపల మా ఊళ్ళో గుడ్డు ఉడుకుతుంది. కన్నబిడ్డ మందు మీద అంత నిర్లక్ష్యమా అని తిట్టాను. వాడు తలవంచుకున్నాడు. తలవంచుకున్నాడు కాబట్టి తప్పు వాడిదే అయి ఉండాలని కొన్నాళ్ళు కోడల్ని వదిలేశాను.

కొన్నాళ్ళే. ఎందుకంటే ఆ నెల చివర్లో సద్‌బర్గ్ పిల్లను తీసుకుని నాలుగు రోజులు కూలోబ్ పోయింది, వాళ్ళ అక్క ఇంట్లో సున్తీ విందు. నేను లెక్కగా ఎనిమిది మాత్రలు సీసాలోంచి తీశాను. అప్పటికే అవి కాస్త ఒకదానికొకటి అతుక్కుంటున్నాయి, గోరుతో విడదీయాల్సి వచ్చింది. చలువకు అంతేలే అనుకున్నాను. కాగితంలో పొట్లం కట్టి ఇచ్చాను. ఆమె అది తీసుకుని ప్రయాణపు సంచీలో వేసింది. కారెక్కేముందు ఇంకో చిన్న పెట్టె, గుడ్డలో చుట్టి, చేతిసంచీలో సర్దుకోవడం నా కంట పడింది. ఆ సంచీ డిక్కీలో పెట్టనివ్వలేదు, నీళ్ళ సీసా పక్కన పెట్టనివ్వలేదు, కోడిగుడ్లు మోసినట్టు ఒళ్ళోనే పెట్టుకు కూర్చుంది. ఏముందందులో అని నేను అడగలేదు. కనిపెట్టాను.

నాలుగు రోజులూ పిల్లకు ఏమీ కాలేదు. ఎండలో ఆడిందట, ఆలస్యంగా పడుకుందట, అయినా ఏమీ కాలేదు. తిరిగొచ్చిన పూట సద్‌బర్గ్ స్నానానికి పోగానే ఆమె ప్రయాణపు సంచీ వెతికాను. సిగ్గేమీ పడలేదు, నా మనవరాలి ప్రాణం కదా. నేనిచ్చిన పొట్లం విప్పకుండానే అడుగున ఉంది. కాగితం తడిసి, మాత్రలు దానికి అంటుకుని, పిండిముద్దలా ఉన్నాయి.

అప్పుడు నా బుర్రలో అన్నీ కలిశాయి. నేనిచ్చినవి వెయ్యలేదు. అయినా పిల్లకు ఏమీ కాలేదు. అంటే మంచి మాత్రలు ఆమె దగ్గర ఉన్నాయి. నా సీసాలో ఉన్నవి నకిలీవి. మొదటి రోజు రాత్రే మార్చేసి ఉంటుంది. నా ఇంట్లో పిల్లకు మూర్ఛ, వాళ్ళ అక్క ఇంట్లో ఆరోగ్యం. ఎందుకు? వేరు కాపురం కోసం. ఈ ఇల్లు పిల్లకు పడట్లేదు అని మొగుడి చెవిలో ఊదడానికి. అనుమానం పెనుభూతం అంటారు. ఆ భూతం నా నెత్తినెక్కి కూర్చుని ఉంటే, నేను దాన్ని తెలివి అనుకున్నాను.

ఆ సాయంత్రం సద్‌బర్గే నా దగ్గరకు వచ్చింది. చేతిలో ఆ పొట్లం. ముఖం పాలిపోయి ఉంది.

"అత్తా, ఇవి చెమ్మ పట్టాయి. ఇలాంటివి పిల్లకు వెయ్యకూడదు. మిగతావి ఎక్కడ పెట్టారో ఒక్కసారి చూపించండి."

"నీ సంచీలో చెమటకు తడిసుంటాయి. నా దగ్గరున్నవి నిమ్మకాయల్లా ఉన్నాయి."

"అయితే చూపిస్తే ఏం పోతుంది?"

"పోయేది నాకు తెలుసులే. ఒకసారి పోయినవి చాలు."

ఆమెకు అర్థమైందో లేదో నాకు తెలియదు. తరువాత బతిమాలింది, పిల్ల మీద ఒట్టు పెట్టింది, ఆఖరికి ఏడ్చింది కూడా. నేను మెత్తబడలేదు. సీసా ఉన్న చోటు తెలుసుకోవడానికే ఇదంతా అని మనసులో నవ్వుకున్నాను. దేవుడు నన్ను క్షమించాలి, నిజంగానే నవ్వుకున్నాను.

ఇది జరిగిన రెండో రోజు మధ్యాహ్నం నోజనీన్ పడిపోయింది. ఈసారి రెండు నిమిషాల్లో తగ్గలేదు. నాలుగు అయ్యాయి, అయిదు అయ్యాయి, పిల్ల పెదవులు నీలిబడ్డాయి. సద్‌బర్గ్ గడియారం చూస్తూ, పిల్ల తల పట్టుకుని, ఇస్మత్‌కు ఫోన్ చెయ్యమని నా మీద అరిచింది. నా వేళ్ళకు నంబరు దొరకలేదు. వీధిలోవాళ్ళ కారులో జిల్లా ఆసుపత్రికి పోయాం, అక్కడ సూది వేశాక ఆగింది. అక్కడి డాక్టరు కుర్రవాడు కాగితాలు తిరగేసి, ఈ మందు ఇక పని చెయ్యట్లేదు, ఇంకో మందు కలపాల్సి వస్తుంది, దానికి పిల్ల రోజంతా మత్తుగా ఉండొచ్చు, దుషాన్బే డాక్టర్ని అడిగి చెబుతానన్నాడు. నోజనీన్ ఆ మంచం మీద నన్ను చూసింది కానీ నన్ను గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది. ఆ కాస్త సమయంలో నేను పడిన బాధ నా శత్రువుకు కూడా వద్దు.

మర్నాడు పొద్దున ఇంటికి వచ్చేసరికి గుమ్మంలో మా ఊరి నర్సు తోజినిసో కూర్చుని ఉంది. సద్‌బర్గ్ పిలిపించిందట. తోజినిసో నా ఈడు మనిషి, ఇద్దరం ఒకే ఏడు నిమ్మతోటలో చేరి, ఆమె మాత్రం చదువుకుని బయటపడింది. ఆమెకు నేను భయపడను, ఆమె నాకు మొహమాటపడదు. మందు మార్చే ముందు వేస్తున్న మందు కళ్ళతో చూడాలి, తియ్యి అంది.

నాకు ఎదురుచూసిన అవకాశం దొరికినట్టయింది. సాక్షి ఉంది, కొడుకూ ఉన్నాడు. మెట్లు దిగి, ఇసుకలోంచి సీసా పెకలించి తెచ్చి, అందరి ముందు బట్ట పరిచి బోర్లించాను. ఏమీ రాలలేదు. సీసా అడుగున తడితే, కొడితే, ముద్దగా ఒక గడ్డ జారింది. తెల్లగా నున్నగా ఉండాల్సిన మాత్రలు బూడిదరంగు తిరిగి, ఉబ్బి, పైపూత పగిలి, ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. కొన్నిటి మీద మచ్చలు. ముక్క వాసన చూస్తే మందు వాసన కాదు, ఏదో పులిసిన వాసన. వాళ్ళు కూలోబ్ నుంచి వచ్చిన దగ్గర్నుంచి నేను ఆ గడ్డలోంచే కత్తి మొనతో ఒక మాత్ర అంత కొలతకు గిల్లి ఇచ్చాను. ఆ మాట కూడా చెప్పాను, ఎంత జాగ్రత్తపడ్డానో తెలియాలని.

"చూశారా," అన్నాను కోడలి వైపు చేయి చూపించి, "ఇవి నకిలీవి. అసలువి ఈమె దగ్గరున్నాయి. పదో స్ట్రిప్పు ఏదో అడగండి."

సద్‌బర్గ్ లోపలికి పోయి ఆ చిన్న పెట్టె తెచ్చింది. గుడ్డ విప్పింది. లోపల స్ట్రిప్పు, ఎనిమిది గుంతలు ఖాళీ, ఆఖరి రెండు మాత్రలు రేకులో భద్రంగా ఉన్నాయి. తారీఖు ఉన్న చివర కొయ్యకుండా, అవతలి చివరి నుంచి ఒక్కొక్కటీ తీసింది. తోజినిసో అద్దాలు పెట్టుకుని ఆ చివరను వెలుతురుకు తిప్పి అంకెలు చదివింది. వచ్చే ఏడు మార్చి. తరువాత ఈ స్ట్రిప్పులొచ్చిన అట్టపెట్టె ఏదని అడిగింది. నోజనీన్ బొమ్మల గిన్నెలు కింద పోసి అట్టపెట్టె ఇచ్చింది. దాని మీద అదే మార్చి, అదే సరుకు నంబరు. తోజినిసో స్ట్రిప్పు రేకు ఎక్కడైనా చినిగిందేమో, ఉబ్బిందేమో వేలితో తడిమి చూసి, ఒక మాత్ర అరచేతిలోకి ఒత్తింది. తెల్లగా, నున్నగా, పొడిగా ఉంది.

"ఒకే పెట్టె," అంది ఆమె. "ఒకే షాపు, ఒకే కారు, ఒకే ఎండ. ఇది బాగుంది, అది పాడైంది. ఇది రేకులో ఉంది, అది నీ ఇసుకలో ఉంది."

నేను హకీమ్‌జోన్ పేరు ఎత్తబోయాను. కారు సంగతి ఎత్తబోయాను. ఆ రెండు మాత్రలు అక్కడే ఉన్నాయి, ఏ దారిన పోయినా నా నోటికి అడ్డం వస్తున్నాయి.

తోజినిసో గొంతు పెంచకుండానే చెప్పింది. ఈ మందు గాలిలో చెమ్మను ఉప్పు పీల్చినట్టు పీలుస్తుందట, అందుకే మింగే క్షణం దాకా రేకులోంచి తియ్యకూడదట. చల్లదనం ఒక్కటే చాలదు, పొడిగా ఉండాలి. కడుపులోకి పోయాక కరగాల్సిన పూత సీసాలోనే పగిలిపోయింది, మందులో కొంత గాజుకు అంటింది, కొంత నా వేళ్ళకు అంటింది, పిల్ల లోపలికి ఏ పూట ఎంత పోయిందో ఎవరూ చెప్పలేరు. పరుపుల పైన, వంటగదికి దూరంగా, కోడలు మొదట పెట్టిన గూడే ఈ ఇంట్లో సరైన చోటు. ఇస్మత్‌ను కూడా వదల్లేదు. నీ అదృష్టం బాగుండి సీటు కిందికి తోశావు, ఇంకోసారి మందును కారు అద్దం కింద చూస్తే నిన్ను కూడా అక్కడే కూర్చోబెడతాను అంది. మిగిలిన ఆ రెండు మాత్రలు ఇవాళ పొద్దునకూ రాత్రికీ సరిపోతాయి, రేపటిలోగా కొత్త పెట్టె రావాలి, ఆ ముద్దను పిల్లల చేతికి అందకుండా తాను తీసుకుపోతానంది. ఆసుపత్రి డాక్టరుకు తానే ఫోన్ చేసి, మందు పని చెయ్యకపోవడం కాదు, మందు సరిగా అందకపోవడమని చెబుతాను, కొత్త మందు సంగతి ఆయన మళ్ళీ చూస్తాడంది.

కొడుకు నా వైపు చూడలేదు. అదే నయం. నేను మాత్రం చూడాల్సినంత చూశాను. మూసిపెట్టిన ప్రతిదీ కుళ్ళుతుందని నలభై ఏళ్ళు నిమ్మకాయల దగ్గర నేర్చుకుని, మందు దగ్గరకు తీసుకుపోయాను. నిమ్మకాయకు ప్రాణం ఉంటుంది, అది ఊపిరి పీలుస్తుంది. మాత్రకు ఆ పని లేదు. ఇంత చిన్న సంగతి అడిగితే ఎవరైనా చెప్పేవారు.

ఆ మాట పైకే అన్నాననుకుంటాను. ఎందుకంటే సద్‌బర్గ్ జవాబు చెప్పింది. ఆమె గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

"ప్రయాణాలకు ఒక స్ట్రిప్పు విడిగా ఉంచుకోమని తోజినిసో పెద్దమ్మే చెప్పింది. మొదటి రోజే పక్కన పెట్టాను, కూలోబ్ పోయాక మీ పొట్లం తడిసుంటే అవే వేశాను. మీరు అడిగుంటే చెప్పేదాన్ని అత్తా. నా మీద దొంగతనం అనుమానం ఉందని నాకు మొన్నటిదాకా తెలియనే తెలియదు."

తప్పయిపోయింది అని చెప్పడం మా ఇంట్లో అత్తలకు అలవాటు లేదు. అయినా చెప్పాను, కొడుకు ముందు, నర్సు ముందు. సద్‌బర్గ్ తల అటు తిప్పుకుంది, క్షమించిందో లేదో నేను అడగలేదు. అడిగి తెలుసుకోవడం నాకింకా కొత్త.

ఆమె మంచి మాత్రల్లో ఒకదాన్ని పిల్ల చేతిలో పెట్టి నీళ్ళిచ్చింది. నోజనీన్ ఒక్క గుక్కలో మింగేసింది. ముఖం చిట్లించలేదు. ఈ నెలరోజులూ నా చేతి మాత్రకు పిల్ల కళ్ళు మూసుకుని, పెదాలు బిగించి, పెరట్లోకి పరుగెత్తేది. మారాం అనుకున్నాను.

దగ్గరకు తీసుకుని అడిగాను. నా జీవితంలో ఆ పిల్లను నేను మొదటిసారి నిజంగా ఒక మాట అడగడం అదే. నేనిచ్చినవి ఎలా ఉండేవి తల్లీ అన్నాను.

పిల్ల ముందు వాళ్ళమ్మ వైపు చూసింది. తరువాత నేల చూపులు చూస్తూ మెల్లగా చెప్పింది.

"చేదుగా ఉండేవి నానమ్మా. నాలుక మండేది. కొన్నిసార్లు పెరటి కాలవలో ఉమ్మేశాను."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే అమ్మే నేర్పించిందంటావని."